తిరుగుటపాలో మెయిలర్ డీమన్

ఒక ఇంజినీరింగ్ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘానికి కొత్త కార్యదర్శి వచ్చారనుకుందాం. పాత కార్యదర్శి అప్పగించిన ఎక్సెల్ షీటులో 2,400 మెయిల్ అడ్రసులున్నాయి. కొన్ని నిన్నమొన్న చేర్చినవి, కొన్ని ఇరవయ్యేళ్ల నాటివి. డిసెంబరులో జరిగే సమావేశానికి ఆహ్వానం తయారుచేసి, రాత్రి పడుకోబోయే ముందు అందరికీ ఒకేసారి పంపేశారు. తెల్లారి చూస్తే మిత్రుల జవాబులు పదో పన్నెండో ఉన్నాయి. MAILER-DAEMON పేరుతో వచ్చినవి మాత్రం రెండొందల పైచిలుకు.

ఇలాంటప్పుడు మనుషులు చేసేవి రెండు. ఆ రెండొందల మెయిళ్లనూ చూడకుండా డిలీట్ కొట్టి, జాబితాను ఉన్నది ఉన్నట్టు వచ్చే ఏటికి దాచిపెట్టడం ఒకటి. అసలే విసుగ్గా ఉంది కాబట్టి ఆ రెండొందల అడ్రసుల్నీ జాబితాలోంచి పీకేయడం రెండోది. రెండూ పొరపాట్లే. తిరిగొచ్చిన ప్రతి మెయిలూ ఎందుకు తిరిగొచ్చిందో తనలోనే చెబుతుంది. కొన్ని అడ్రసు లేదంటాయి, కొన్ని కాసేపాగమంటాయి, మరికొన్ని తప్పు పంపినవాళ్లదే అంటాయి. ఈ మూడింటినీ విడదీయకుండా జాబితా మీద చెయ్యి వేస్తే బతికున్న సభ్యులు పోతారు, చచ్చిపోయిన అడ్రసులు మిగులుతాయి.

పట్టించుకోకుండా వదిలేస్తే ఏమవుతుందని అడగొచ్చు. లేని అడ్రసుకు మెయిల్ పంపితే పోయేదేముంది? ఒక్క మెయిల్‌తో ఏమీ పోదు. కానీ గుంపుగా మెయిళ్లు పంపేవారిని పెద్ద కంపెనీలన్నీ ఒక కంట కనిపెట్టే ఉంటాయి. ఎవరైనా లేని అడ్రసులకు పదేపదే పంపుతున్నారంటే, ఎక్కడో కొన్న జాబితాకో, ఊహించి అల్లిన పేర్లకో పంపుతున్నారని అవి అనుమానిస్తాయి. మెయిళ్లు పంపిపెట్టే సేవల్లో ఒకటైన అమెజాన్ ఎస్‌ఈఎస్ ఈ లెక్కను బాహాటంగానే చెబుతుంది. శాశ్వతంగా తిరిగొచ్చేవి నూటికి 5కు చేరితే ఖాతాను పరిశీలనలో పెడుతుంది, 10కి చేరితే పంపడాన్నే ఆపేయవచ్చు. మన కార్యదర్శి జాబితాకు నూటికి 5 అంటే 120 అడ్రసులు. ఇరవయ్యేళ్ల షీటులో అన్ని చచ్చిన అడ్రసులు ఉండటం వింతేమీ కాదు.

ఇంతకీ ఈ మెయిలర్ డీమన్ ఎవరు? మనిషి కాదు, వైరస్ అంతకన్నా కాదు. సర్వర్ లోపల తెర వెనక పనిచేసే ప్రోగ్రామును కంప్యూటర్ వాళ్లు డీమన్ అంటారు. మెయిళ్లు చేరవేసే డీమన్ తన పేరుతోనే కబురు పెడుతోంది, అంతే. ఎక్కువమందికి తెలియనిది ఏమిటంటే, ఆ కబురు రాసేది చాలాసార్లు అవతలి సర్వర్ కాదు, మన తరఫున మెయిల్ తీసుకెళ్లిన సర్వరే. అది అవతలి సర్వర్ తలుపు తట్టి, ఫలానా పేరుకు మెయిల్ ఉందంటుంది. ఆ పేరు గలవాళ్లు ఇక్కడ లేరంటూ అవతలిది 550 అనే అంకెతో మొదలయ్యే ఒక వాక్యం పలుకుతుంది. మన సర్వర్ వెనక్కి వచ్చి, విన్నదాన్ని ఉన్నదున్నట్టు ఎత్తిరాసి, పైన నాలుగు మర్యాద మాటలు చేర్చి మనకు పంపుతుంది. అప్పుడప్పుడు మాత్రం అవతలి సర్వర్ ముందు మెయిల్‌ను తీసుకుని, తర్వాత లోపల పెట్టెలో వేయలేక, తనే కబురు రాస్తుంది.

ఆ కబురు ఎవరికి చేరాలన్నదీ తెలుసుకోవలసిందే. ప్రతి మెయిల్‌కీ, పోస్టులో వేసే ఉత్తరానికి ఉన్నట్టే, లోపలి కాగితం ఒకటీ పైన కవరు ఒకటీ ఉంటాయి. మనం తెరమీద చూసే From అనేది లోపలి కాగితం మీది పేరు. కవరు మీద పంపినవారి అడ్రసు వేరుగా ఉంటుంది, అదే Return-Path. అందని మెయిల్ కబురు పోయేది ఈ కవరు మీది అడ్రసుకే. రెండూ ఒకటే కానక్కర్లేదు. జాబితాలు నడిపే ప్రోగ్రాములన్నీ ఈ వెసులుబాటు మీదే బతుకుతున్నాయి. ఇక తిరుగు కబురు కవరు మీద పంపినవారి అడ్రసు ఉండదు, ఖాళీగా <> అని ఉంటుంది. ఆ కబురే అందకపోతే దానికి ఇంకో కబురు, దానికి మళ్లీ ఇంకొకటి పుట్టి రెండు సర్వర్లు తెల్లవార్లూ వాదించుకోకుండా 1980ల నాటి నిబంధనల్లోనే చేసుకున్న ఏర్పాటిది.

కబురు లోపల ఏముంటుందో చూద్దాం. పద్ధతిగా రాసిన కబురులో మూడు భాగాలుంటాయి. మొదటిది మనుషులు చదవడానికి మామూలు ఇంగ్లీషులో ఉంటుంది, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. మూడోది మనం పంపిన మెయిలో, కనీసం దాని తలకట్టో. మధ్యలో ఉన్న రెండోదే అసలు సరుకు. ఇది ప్రోగ్రాములు చదవడానికి రాసింది కాబట్టి ఏ సర్వర్ రాసినా ఒకే పద్ధతిలో ఉంటుంది. 1996లో దీనికి ప్రమాణం ఏర్పడింది, 2003లో సవరించారు. జీమెయిల్‌లో అయితే మెయిల్ పక్కన మూడు చుక్కల మెనూలోకి వెళ్లి Show original నొక్కితే కనబడుతుంది.

```
Final-Recipient: rfc822; ramana@example.com
Action: failed
Status: 5.1.1
Diagnostic-Code: smtp; 550 5.1.1 User unknown
```

ఇక్కడ Action, Status అనే రెండు వరుసలు చదవడం వస్తే పని చాలావరకు అయినట్టే. Status లో మొదటి అంకె 5 అయితే ఈ మెయిల్ ఇక అందదు, మళ్లీ పంపినా లాభం లేదని. 4 అయితే ఇప్పుడు కుదరలేదు, తర్వాత చూద్దామని. రెండో అంకె చిక్కు ఎక్కడుందో చెబుతుంది. 1 అయితే అడ్రసులో, 2 అయితే ఆ మనిషి మెయిల్ పెట్టెలో, 4 అయితే దారిలో, 7 అయితే భద్రత, విధానాల వ్యవహారంలో. మూడో అంకె వివరం. 5.1.1 అంటే ఆ సర్వర్‌లో అలాంటి పేరే లేదు. 5.1.2 అంటే @ తర్వాతి పేరే దొరకలేదు. 4.2.2 అయినా 5.2.2 అయినా పెట్టె నిండిపోయింది. 5.7తో మొదలైతే మాత్రం ఆగి ఆలోచించాలి, ఎందుకంటే అక్కడ అడ్రసు బాగానే ఉండి, గొడవ పంపినవారితో కావచ్చు.

Action వరుసను చూడకపోవడం వల్ల జరిగే తప్పు ఒకటుంది. అక్కడ failed బదులు delayed అని ఉంటే మెయిల్ తిరిగి రాలేదు, ఇంకా దారిలోనే ఉంది. మన సర్వర్ కాసేపయ్యాక మళ్లీ వెళ్తుంది, కుదరకపోతే ఇంకాసేపటికి మళ్లీ వెళ్తుంది. నాలుగైదు రోజుల వరకూ ఈ ప్రయత్నం మానకూడదని ప్రమాణం సూచిస్తుంది. లైనక్స్ సర్వర్లలో బాగా వాడే పోస్ట్‌ఫిక్స్ ఎవరూ మార్చకపోతే 5 రోజులు చూస్తుంది. జీమెయిల్ కూడా ఇంకో 46 గంటలు ప్రయత్నిస్తాననే లాంటి కబురు ముందుగా పంపుతుంది. దాన్ని చూసి సభ్యుణ్ణి తీసేస్తే, మర్నాడు ఆ మనిషికి ఆహ్వానం అందుతుంది, జాబితాలో పేరు మాత్రం ఉండదు.

ఇక్కడ ఇంకో తమాషా. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు సుమారు 500 మందికి మించి పంపనివ్వరు. అది తెలియక 2,400 మందికీ కొట్టేస్తే, కొన్ని వెళ్లాక మిగతావాటికి పంపే పరిమితి దాటిందంటూ మెయిలర్ డీమన్ నుంచే కబురొస్తుంది. అది అవతలివాళ్ల గురించి కానే కాదు. అయినా పైకి చూడ్డానికి అన్ని కబుర్లూ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి, వాటిలో ఉన్న పేర్లన్నీ చచ్చిన అడ్రసుల ఖాతాలో పడిపోయే ప్రమాదం ఉంది.

కబురు చదవడం వచ్చింది. అది ఏ సభ్యుడి గురించో తేల్చడం ఇంకో చిక్కు. Final-Recipient వరుసలో పేరు ఉంటుంది కదా అనిపిస్తుంది. కానీ రమణగారు 2004లో జాబితాలో చేరినప్పుడు తన ఉద్యోగపు అడ్రసు ఇచ్చారనుకోండి. తర్వాత ఉద్యోగం మారుతూ, పాత అడ్రసుకు వచ్చేవన్నీ సొంత అడ్రసుకు మళ్లేలా ఏర్పాటు చేసుకున్నారు. ఆ సొంత ఖాతా కూడా ఇప్పుడు మూతపడింది. కబురులో కనబడేది ఆ సొంత అడ్రసు. జాబితాలో వెతికితే అది ఎక్కడా లేదు. కార్యదర్శి తల గోక్కోవలసిందే. పాత సర్వర్లు కొన్ని పేరే రాయకుండా, మీ మెయిల్ అందలేదని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాయి. అప్పుడు మరీ కష్టం.

దీనికి డేనియల్ బెర్న్‌స్టైన్ అనే గణితవేత్త 1990లలో ఒక ఉపాయం ప్రచారంలోకి తెచ్చాడు. క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్‌ను రాసింది ఆయనే. వెర్ప్ అని పిలిచే ఆ ఉపాయం కవరు మీది అడ్రసుతో ఆడిన ఆట. అందరికీ ఒకే తిరుగు అడ్రసు వేయకుండా, ఒక్కో సభ్యుడికి పోయే కవరు మీద ఒక్కో తిరుగు అడ్రసు వేస్తారు. సభ్యుడి అడ్రసునే అందులో ఇరికించి, లోపలి @ గుర్తు బదులు = పెడతారు.

```
sangham-bounces+ramana=example.com@example.org
```

మెయిల్ ఎన్ని చేతులు మారి, ఎక్కడ ఆగి వెనక్కి వచ్చినా వచ్చేది ఈ అడ్రసుకే. కబురు లోపల ఏ భాషలో ఏం రాశారో చదవనక్కర్లేదు, అది చేరిన అడ్రసే రమణగారి పేరు చెబుతుంది. దీనికి కట్టాల్సిన మూల్యం కూడా ఉంది. ఒకే సర్వర్‌లో వందమంది సభ్యులుంటే ఇదివరకు ఒక్క కాపీ ఇచ్చి వందమందికి పంచమనడం కుదిరేది, ఇప్పుడు వంద కవర్లు విడివిడిగా ఇవ్వాలి. మోడెముల కాలంలో అది భారం. ఇప్పుడు దాన్నెవరూ లెక్కచేయరు, డబ్బు తీసుకుని మెయిళ్లు పంపే సేవలన్నీ దాదాపుగా ఇలాంటి పద్ధతినే వాడుతున్నాయి.

ఇక తీర్పు. ఒక్కసారి తిరిగొస్తే తీసేయాలా, ఎన్నిసార్లు చూడాలి? ప్రపంచమంతా సంఘాలూ విశ్వవిద్యాలయాలూ వాడే మెయిల్‌మ్యాన్ అనే ఉచిత ప్రోగ్రాము దీన్ని మార్కుల లెక్కన చేస్తుంది. శాశ్వతమన్న కబురుకు 1 మార్కు, తాత్కాలికమన్నదానికి అర. రోజుకు ఎన్ని కబుర్లొచ్చినా ఒక సభ్యుడికి ఒక్కసారే లెక్క. మార్కులు 5కు చేరితే ఆ సభ్యుడికి మెయిళ్లు ఆపేస్తుంది. అప్పుడు కూడా పేరు కొట్టేయదు. వారానికొకటి చొప్పున మూడు హెచ్చరికలు పంపి, సభ్యుడు స్పందించకపోతే అప్పుడు తీసేస్తుంది. ఏడు రోజులపాటు కొత్త కబురేదీ రాకపోతే పాత మార్కులు చెల్లిపోయి, లెక్క మొదటికొస్తుంది.

రోజూ కబుర్లాడుకునే జాబితాకు ఇది బాగా కుదిరిన ఏర్పాటు. నెలకో మెయిల్ పంపే సంఘానికి మాత్రం ఇదే లెక్క ఏ పనీ చేయదు, నడిపేవారికి ఆ సంగతి తట్టదు కూడా. జనవరిలో ఒక కబురొచ్చి 1 మార్కు పడింది. ఫిబ్రవరిలో మళ్లీ వచ్చేసరికి ఏడు రోజులు ఎప్పుడో దాటిపోయాయి కాబట్టి లెక్క మళ్లీ 1 దగ్గరే మొదలవుతుంది. పదేళ్లు గడిచినా 5కు చేరదు. పెట్టె మీద శుభ్రం చేసే యంత్రం ఉందన్న ధీమా ఉంటుంది, చచ్చిన అడ్రస్ ఒక్కటీ పోదు. ఇలాంటి జాబితాకు హద్దు 2కో 3కో తగ్గించి, ఏడు రోజుల గడువును నాలుగైదు నెలలకు పెంచాలి. మెయిల్‌మ్యాన్‌లో ఈ రెండూ bounce_score_threshold, bounce_info_stale_after అనే పేర్లతో ఉంటాయి, జాబితా నిర్వాహకుడే మార్చుకోవచ్చు.

మార్కుల లెక్కకు ఇంకో గుడ్డితనం ఉంది. శాశ్వతమా, తాత్కాలికమా అని చూస్తుంది గానీ తప్పు ఎవరిదని అడగదు. దాని ఫలితం 2014 ఏప్రిల్‌లో ప్రపంచం చూసింది.

అప్పట్లో యాహూ అడ్రసులను దొంగతనంగా వాడి పంపే మెయిళ్లు విపరీతంగా పెరిగాయి. వాటిని ఆపడానికి యాహూ డీమార్క్ అనే పద్ధతిలో ఒక కఠినమైన ప్రకటన చేసింది. From లో yahoo.com అని ఉండి, మా సర్వర్ల నుంచీ రాలేదని, మా డిజిటల్ సంతకమూ సరిగా లేదని తేలితే ఆ మెయిల్‌ను తిప్పికొట్టండని మిగతా కంపెనీలకు దాని అర్థం. దొంగలకు అది సరైన మందే. కానీ జాబితాలు కూడా చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి. యాహూ సభ్యుడొకరు జాబితాకు ఉత్తరం రాస్తే, జాబితా దాన్ని తన సర్వర్ నుంచి అందరికీ పంపుతుంది. సబ్జెక్టు ముందు సంఘం పేరు చేరుస్తుంది, అడుగున రెండు వరుసలు అతికిస్తుంది. దాంతో యాహూ సంతకం చెడుతుంది. From లో మాత్రం యాహూ పేరే ఉంటుంది. యాహూ మాట మన్నించి జీమెయిల్, హాట్‌మెయిల్ దాన్ని తిప్పికొట్టాయి. యాహూ కూడా తన సభ్యులకు వచ్చినవాటిని తనే తిప్పికొట్టింది.

తర్వాత జరిగింది చూడండి. ఉత్తరం రాసింది యాహూ సభ్యుడు. అందనిది జీమెయిల్ సభ్యుడికి. కబురొచ్చింది జాబితాకు. మార్కు పడింది మాత్రం పాపం జీమెయిల్ సభ్యుడి ఖాతాలో. యాహూ మిత్రులు వరుసగా కొన్ని రోజులు రాసేసరికి ఆయన మార్కులు 5కు చేరి మెయిళ్లు ఆగిపోయాయి. అడ్రస్ భేషుగ్గా ఉంది, పెట్టె ఖాళీగా ఉంది, ఆయన చేసిన నేరం ఏదీ లేదు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే సంస్థ ఐఈటీఎఫ్ నడిపే జాబితాలకు కూడా ఈ దెబ్బ తగిలింది. అదే నెలలో ఏఓఎల్ కూడా యాహూ బాటే పట్టింది. చివరికి మెయిల్‌మ్యాన్ వంటి ప్రోగ్రాములే దారికొచ్చి, అలాంటి ఉత్తరాలకు From లో జాబితా అడ్రసు వేయడం మొదలుపెట్టాయి. గుంపు మెయిళ్లలో ఇప్పుడు ఫలానావారు, పక్కనే via అని సంఘం పేరు కనబడటం వెనక ఉన్న కథ ఇదే.

ఇలాంటి ఉపద్రవం వచ్చిందని ఎలా తెలుస్తుంది? చచ్చిన అడ్రసులు ఒకటొకటిగా, వేరువేరు చోట్ల, వేరువేరు రోజుల్లో బయటపడతాయి. తప్పు పంపినవారి వైపు ఉంటే ఒకేరోజున, ఒకే కంపెనీ అడ్రసులన్నీ, అదే వాక్యంతో తిరిగొస్తాయి. నిన్నటిదాకా అందుకున్న యాభైమంది జీమెయిల్ వాళ్లు ఒక్క రాత్రిలో ఖాతాలు మూసుకోరు. అందుకని తిరిగొచ్చిన కబుర్లను పేర్ల వారీగా కాకుండా ముందు @ తర్వాతి పేరును బట్టి, Status అంకెను బట్టి కుప్పలు పోయాలి. కుప్పలు పోశాకే తీసివేతల మాట.

మన కార్యదర్శి రెండొందల పైచిలుకు కబుర్లను అలా కుప్పలు పోస్తే ఎలా ఉంటుందో చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణకే. మొత్తం 212 కబుర్లు. అందులో 118 మందికి 5.1.1, అంటే ఆ పేరే లేదు. ఇంకో 31 మందికి @ తర్వాతి పేరే దొరకలేదు. 24 మందికి పెట్టె నిండింది. 15 కబుర్లు delayed అంటున్నాయి. 19 మాత్రం 5.7తో మొదలయ్యాయి, ఆ 19 మందీ ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీ అడ్రసులవాళ్లు. మిగిలిన 5 అసలు తిరుగు కబుర్లే కావు, సెలవులో ఉన్నాను, సోమవారం చూస్తాననే ఆటో జవాబులు.

ఆటో జవాబుల అయిదుగురూ నిక్షేపంగా ఉన్నారు, మెయిల్ చేరింది కూడా. అయినా పాత స్క్రిప్టులు వీటిని తిరుగు కబుర్లుగా లెక్కగట్టి మనుషుల్ని తీసేసిన సందర్భాలుంటాయి. వీటి తలకట్టులో మామూలుగా Auto-Submitted: auto-replied అని ఉంటుంది, దాన్నిబట్టి వేరుచేయవచ్చు. delayed అన్న పదిహేనింటిని వారం పాటు ముట్టుకోకూడదు. వాటిలో అందవలసినవి అందుతాయి, అందనివి failed అంటూ మళ్లీ కబురు పెడతాయి.

పంతొమ్మిదిమంది సాఫ్ట్‌వేర్ మిత్రుల విషయంలో ఆ కంపెనీ సర్వర్ మన సంఘాన్ని వద్దంటోంది, మనుషులు వద్దనలేదు. Diagnostic-Code వరుసలో ఇంకా వివరం ఉంటుంది. పంపిన సర్వర్ మీద స్పామ్ మచ్చ పడిందనో, మెయిల్ ఎవరిదో నిర్ధారించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ లేవనో రాసి ఉండవచ్చు. జీమెయిల్, యాహూ కూడా 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద ఎత్తున పంపేవారికి వీటిని తప్పనిసరి చేశాయి. ఈ పంతొమ్మిదిమందిని ఉంచి, పంపే ఏర్పాటును సరిచేయాలి. లేకపోతే వచ్చే నెల ఇంకో కంపెనీ వాళ్లు ఇలాగే తిరిగొస్తారు.

పెట్టె నిండిన ఇరవై నాలుగు మందిది కాస్త సందిగ్ధం. కొందరు పెళ్లి ఫొటోలన్నీ డ్రైవ్‌లో పోసి చోటు లేకుండా చేసుకున్నవాళ్లు, రేపోమాపో ఖాళీ చేస్తారు. కొందరు ఆ పెట్టెను వదిలేసి ఏళ్లైనవాళ్లు. ఒక్క కబురుతో తేడా తెలియదు. రెండు మూడు నెలల వ్యవధిలో మరో రెండు మెయిళ్లు పంపి, మూడూ తిరిగొస్తే ఆపడం సబబు.

డొమైన్ దొరకని ముప్పై ఒకటిని తొందరపడి కొట్టేయకుండా ఒకసారి కళ్లారా చూడాలి. కొన్ని ఎప్పుడో మూతబడ్డ డయలప్ సర్వీసులవీ, చిన్న కంపెనీలవీ అయి ఉంటాయి. వాటి పని అయిపోయింది. కొన్ని మాత్రం చేత్తో రాసిన ఫారం చూసి టైపు చేసినప్పుడు దొర్లిన తప్పులు. .com బదులు .con అని ఉంటే ఎవరికైనా తెలుస్తుంది. అయినా సరే ఊహించి దిద్దేసి పంపకూడదు, ఆ మనిషికి ఫోన్ చేసి సరైన అడ్రసు అడిగాకే దిద్దాలి. ఎందుకంటే దిద్దిన అడ్రసు అదే పేరున్న ఇంకెవరిదో కావచ్చు. పేరున్న డొమైన్లకు దగ్గరగా ఉండే తప్పు స్పెల్లింగులను కొందరు కావాలనే కొనిపెట్టుకుంటారు కూడా. అక్కడికి పోయిన మెయిల్ అసలు తిరిగే రాదు. అంటే, తప్పు అడ్రసులన్నీ ఈ ముప్పై ఒకటిలోనే ఉన్నాయనుకోవడం కూడా పొరపాటే.

మిగిలింది 5.1.1 వచ్చిన 118 మంది. అడ్రసు లేదని సర్వరే నేరుగా చెప్పింది కాబట్టి వీరికి ఇక పంపకూడదు. రెండోసారి చూద్దామనుకునే పని లేదు. దీనికి తోడు డొమైన్ లేని 31 కలిపితే 149, అంటే 2,400లో నూటికి 6 పైన. ఇందాక చెప్పిన 5 హద్దు దాటేసింది. ఇంత పాత జాబితాను ఒక్క రాత్రిలో మొత్తంగా పంపకూడదన్నది ఇందుకే. ఈమధ్య కాలంలో జవాబిచ్చినవారితో మొదలుపెట్టి, పాతవాటిని రోజుకు వంద చొప్పున చిన్న చిన్న విడతలుగా పంపుతూ, ప్రతి విడత కబుర్లూ చూసి తీసివేశాకే తర్వాతి విడతకు వెళ్లాలి.

తీసివేయడమంటే షీటులో వరుసను డిలీట్ చేయడం కాదు. ఈ ముక్క చాలా సంఘాలకు తలకెక్కదు. వరుస డిలీట్ చేస్తే, వచ్చే ఏడాది ఎవరో పాత షీటు ఒకటి వెతికి తెచ్చి మళ్లీ కలిపేస్తారు, చచ్చిన 149 మళ్లీ లేచి కూర్చుంటాయి. బదులుగా పంపకూడని అడ్రసుల జాబితా ఒకటి విడిగా పెట్టుకోవాలి. అందులో అడ్రసు, కబురొచ్చిన తేదీ, Status అంకె, సర్వర్ చెప్పిన వాక్యం యథాతథంగా ఉండాలి. ఎప్పుడు మెయిళ్లు పంపినా ముందు ఈ జాబితాతో సరిచూసి, ఇందులో ఉన్నవాటిని దాటేయాలి. డబ్బు తీసుకునే సేవలు ఈ పని వాటంతటవే చేస్తాయి. కానీ సంఘం ఒక సేవ నుంచి ఇంకొక సేవకు మారేటప్పుడు సభ్యుల జాబితాను పట్టుకెళ్లి, ఈ జాబితాను అక్కడే మర్చిపోతుంటారు.

తిరుగు కబుర్లు చెప్పలేనివీ ఉన్నాయి. కబురు రాలేదంటే మెయిల్ చేరిందని కాదు. స్పామ్ ఫోల్డరులో పడ్డా కబురు రాదు. ఎవరూ తెరవని పెట్టెలో పడ్డా రాదు. అడ్రసుకు యజమాని మారినా రాదు. 2013లో యాహూ ఏడాదికి పైగా వాడని ఐడీలను ఖాళీ చేసి కోరినవారికి ఇచ్చింది. పాత యజమాని ఫేస్‌బుక్ ఖాతాకు పాస్‌వర్డు మార్పు మెయిళ్లు కొత్త యజమానికి పోతే ఎలాగన్న భయంతో, యాహూ, ఫేస్‌బుక్ ఇంజినీర్లు కలిసి ఈ అడ్రసు ఫలానా తేదీ నుంచి ఇదే మనిషి చేతిలో ఉంటేనే అందించమని సర్వర్‌కు చెప్పే పద్ధతిని రాయవలసి వచ్చింది. గూగుల్ కూడా రెండేళ్లపాటు ముట్టని సొంత ఖాతాలను 2023 డిసెంబరు నుంచి తొలగించడం మొదలుపెట్టింది. నిరుటి దాకా కిక్కురుమనకుండా మెయిళ్లు మింగిన జీమెయిల్ అడ్రసులు ఇప్పుడు 5.1.1 అంటుంటే అందుకు ఇదొక కారణం.

దీనికి తిరగబడిన సందర్భం ఇంకా ప్రమాదకరం. ఏళ్ల తరబడి లేదు లేదన్న అడ్రసు ఒకరోజు హఠాత్తుగా మెయిల్ తీసుకోవడం మొదలుపెడుతుంది. మిత్రుడు తిరిగొచ్చాడని సంతోషించడానికి లేదు. పాత అడ్రసులను కొంతకాలం లేదనిపించి, తర్వాత స్పామర్లను పట్టడానికి ఉచ్చుగా తెరిచిపెట్టే సంస్థలున్నాయి. అన్నాళ్లు లేదని చెప్పినా పంపుతూనే ఉన్నవాడు కబుర్లు చదవనివాడేనని వాటి లెక్క. ఉచ్చులో పడ్డ కబురు ఎవరూ చెప్పరు, మెయిళ్లు మాత్రం అందరికీ స్పామ్‌లోకి పోవడం మొదలవుతుంది.

అసలు పంపని మెయిళ్లకు తిరుగు కబుర్లు వస్తే? మన అడ్రసును కవరు మీద దొంగతనంగా వేసి ఎవరో స్పామ్ పంపారన్నమాట. వాటిలోని పేర్లు మన జాబితాలో ఉండవు, మూడో భాగంలో కనబడే మెయిల్ మనం రాసిందీ కాదు. వాటికి జవాబివ్వకుండా, లెక్కలో కలపకుండా పక్కన పెట్టేయాలి. కబుర్లన్నిటినీ వాటంతటవే చదివి తీసేసే స్క్రిప్టు నడుపుతున్నవారైతే, అది మూడో భాగంలో తమ మెయిల్ గుర్తింపు సంఖ్య ఉందో లేదో ముందు చూసేలా రాసుకోవాలి. లేకపోతే దొంగ కబురు ఒకటి రాసి పంపి, ఎవరి పేరైనా జాబితాలోంచి తీయించేయవచ్చు.

ఇక ఆ 118 మంది. వారి మెయిల్ అడ్రసే పోయింది, మనుషులు ఎక్కడో ఉన్నారు. షీటులో ఫోన్ నంబర్లు ఉన్నవారికి వాట్సాప్‌లో రెండు వాక్యాలు పంపి కొత్త అడ్రసు అడగవచ్చు. నంబర్లు లేనివారి పేర్లు బ్యాచ్ వారీగా విడదీసి, ఆ బ్యాచ్ గ్రూపులో ఒకరికి అప్పజెబితే సగం మంది దొరికినా దొరికినట్టే. కొత్త అడ్రసు వచ్చినప్పుడు పాత వరుసలో దిద్దకుండా కొత్త వరుసగా చేర్చి, ఆ అడ్రసుకు ఒక చిన్న మెయిల్ పంపి, జవాబు వచ్చాకే జాబితాలో కలుపుకోవాలి. పాత అడ్రసు పంపకూడని జాబితాలో, తేదీతో సహా, ఎప్పటికీ అలాగే ఉంటుంది.